ఖాళీ గడి సున్నా కాదు



నెలనెలా చందా కట్టించుకుని నడిచే వ్యాపారాలు ఇప్పుడు మన చుట్టూ చాలా ఉన్నాయి. సినిమాల యాప్ ఉంది, పిల్లల ట్యూషన్ యాప్ ఉంది, వీధి చివర జిమ్ ఉంది, పొద్దున్నే గుమ్మంలో పాలప్యాకెట్లు పెట్టివెళ్లే సేవ ఉంది. వీటిని నడిపేవాళ్లందరి దగ్గరా ఒక జాబితా ఉంటుంది. అందులో ఒక్కో చందాదారుకు ఒక్కో వరస. వరసలో మూడే గడులు: చందాదారు నంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ. ఇంకా కొనసాగుతున్నవాళ్లకు ఆ మూడో గడి ఖాళీగా ఉంటుంది. ఈ రెండు తేదీల నుంచి కోహార్ట్ రిటెన్షన్ టేబుల్ అనే పట్టికను ఎలా తయారుచేస్తారో, అది ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుందో ఈ ప్రసంగంలో చెబుతాను. ఒకే నెలలో చేరినవాళ్లందరినీ ఒక బ్యాచ్‌గా కట్టి, ఆ బ్యాచ్‌లో నెల తర్వాత ఎంతమంది మిగిలారు, రెండు నెలల తర్వాత ఎంతమంది మిగిలారు అని చూపే పట్టిక ఇది. కాగితం, పెన్ను దగ్గరుంటే తీసుకోండి. మధ్యలో కొన్ని అంకెలు వస్తాయి, రాసుకుంటే సులువుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. తెలుగు పిల్లల కథలు వినిపించే ఒక చిన్న యాప్. నెలవారీ చందా. 2025 జనవరిలో మొదలైంది. జనవరిలో 100 మంది చేరారు, ఫిబ్రవరిలో 120, మార్చిలో 150, ఏప్రిల్‌లో 200, మేలో 300. ఈ ఐదు నెలల్లో మొత్తం 870 మంది. జూన్ 30 రాత్రి ఆ జాబితాను కంప్యూటర్‌లోంచి బయటికి తీశాం. ఈ జూన్ 30 అన్న తేదీని గట్టిగా గుర్తుపెట్టుకోండి. జాబితాలో అది ఏ గడిలోనూ ఉండదు. కానీ లెక్క మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఆ రాత్రి దాకా జరిగింది మనకు తెలుసు. ఆ తర్వాత జరగబోయేది ఎవరికీ తెలియదు.

ఈ యాప్ యజమాని మామూలుగా చూసుకునే అంకె ఒకటే: ఇవాళ మనకు ఎంతమంది చందాదారులు ఉన్నారు? అది ప్రతి నెలా పెరుగుతూనే ఉంది. చేరేవాళ్లు నెలనెలా పెరుగుతున్నారు కాబట్టి, వెనకనుంచి ఎంతమంది జారిపోతున్నా మొత్తం పెరుగుతూనే కనిపిస్తుంది. జారిపోయేవాళ్లను చూడాలంటే ముందు ఏ నెలలో చేరినవాళ్లను ఆ నెలకు విడగొట్టాలి. ఈ పట్టిక చేసే పని అదే.

పట్టికలో అడ్డు వరసలు ఐదు: జనవరి బ్యాచ్ నుంచి మే బ్యాచ్ దాకా. జూన్‌లో చేరినవాళ్లకు ఇంకా నెల నిండలేదు కాబట్టి వాళ్లకు వరస లేదు. నిలువు వరసలు కేలండర్ నెలలు కావు, వయసులు. చేరి ఒక నెల నిండాక, రెండు నెలలు నిండాక, అలా ఐదు దాకా. జనవరిలో చేరిన మనిషికి మొదటి నెల ఫిబ్రవరిలో నిండుతుంది, మేలో చేరిన మనిషికి జూన్‌లో నిండుతుంది. ఇద్దరూ ఒకే నిలువు వరసలోకి వస్తారు. అందుకే కొత్త బ్యాచ్‌ను పాత బ్యాచ్‌తో సమంగా పోల్చడం కుదురుతుంది.

ఇప్పుడు గడులు నింపాలి. ఒక్కొక్క మనిషినీ తీసుకుని, ఒక్కొక్క వయసు దగ్గరా ఒక ప్రశ్న వేస్తాం. ఈ మనిషి, మూడు నెలలు నిండిన రోజు దాటాక ఇంకా మనతో ఉన్నాడా? దీనికి రెండు జవాబులే ఉంటాయని మొదట అనిపిస్తుంది: ఉన్నాడు, లేదా పోయాడు. కానీ మూడో జవాబు కూడా ఉంది. మే 12న చేరిన మనిషికి మూడు నెలలు నిండేది ఆగస్టు 12న. మన జాబితా జూన్ 30న ఆగిపోయింది. కాబట్టి అతని సంగతి ఇంకా తెలియదు. అతని మూడో గడి, అంటే మానేసిన తేదీ, ఖాళీగా ఉందని మూడు నెలలు నిలిచాడనడం అబద్ధమవుతుంది. నిలిచినవాళ్లలో కనబడలేదు కాబట్టి పోయాడనడమూ అబద్ధమే. ఉన్నాడు, పోయాడు, ఇంకా తెలియదు. ఈ మూడింటినీ వేరువేరుగా పట్టుకున్న పట్టికే నిజం చెబుతుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం మూడో జవాబును మొదటి రెండింటిలో ఒకదాంట్లో కలిపేయడం వల్ల వచ్చినవే.

ముందు నెల నిండే రోజు సంగతి తేల్చుకుందాం. చాలామంది తొందరలో కేలండర్ నెలల తేడా తీసేస్తారు. మానేసిన నెలలోంచి చేరిన నెల తీసేస్తే వయసు వచ్చేసిందనుకుంటారు. దీంతో ఏమవుతుందంటే, మార్చి 30న చేరి ఏప్రిల్ 2న వెళ్లిపోయిన మనిషికి వయసు ఒక నెల అని వస్తుంది. అతను ఉన్నది మూడు రోజులే. మార్చి 1న చేరి మార్చి 31న మానేసిన మనిషికి సున్నా అని వస్తుంది. అతను ముప్పై రోజులు ఉన్నాడు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో DATEDIFF అనే ఫంక్షన్‌కు నెలల తేడా అడిగితే అది సరిగ్గా ఇలాగే లెక్కపెడుతుంది. నెల సరిహద్దును ఎన్నిసార్లు దాటామన్నదే దానికి కావాలి. మైసీక్వెల్‌లో TIMESTAMPDIFF మాత్రం పూర్తిగా నిండిన నెలలనే లెక్కపెడుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నా పనులు వేరు. అందుకే ఏ ఫంక్షన్ వాడినా ముందు మార్చి 30, ఏప్రిల్ 2 తేదీలు ఇచ్చి చూడండి. ఒకటి అని జవాబిస్తే అది మనకు పనికిరాదు.

తర్వాత చిక్కు జనవరి 31. ఆ రోజు చేరిన మనిషికి మొదటి నెల ఎప్పుడు నిండినట్టు? ఫిబ్రవరికి 31 లేదు. ఆ నెలలో ఆఖరి రోజును తీసుకోవడం సబబైన పద్ధతి. ఎక్సెల్‌లో EDATE అదే చేస్తుంది. జనవరి 31కి ఒక నెల కలపమంటే ఫిబ్రవరి 28 ఇస్తుంది. ఐదు నెలలు కలపమంటే జూన్ 30 ఇస్తుంది. కానీ ఒక జాగ్రత్త. ప్రతిసారీ అసలు చేరిన తేదీ నుంచే కలపాలి. వచ్చిన ఫిబ్రవరి 28కి మళ్లీ ఒక నెల కలిపితే మార్చి 28 వస్తుంది, మూడు రోజులు జారిపోతాయి. మన ఉదాహరణలో జూన్ 30 రాత్రి జాబితా తీశాం కాబట్టి ఈ పద్ధతి ప్రకారం జనవరి బ్యాచ్‌లో ఆఖరి మనిషికి కూడా ఐదు నెలలు నిండాయి, మే బ్యాచ్‌లో ఆఖరి మనిషికి కూడా ఒక నెల నిండింది. అదే జూన్ 15న తీసి ఉంటే మే నెల మొదటి సగంలో చేరినవాళ్ల సంగతి తెలిసేది, రెండో సగంవాళ్ల సంగతి తెలిసేది కాదు. ఆ బ్యాచ్ మొదటి గడిని అప్పుడు నింపకూడదు. బ్యాచ్‌లో ఆఖరి మనిషికి నెల నిండేదాకా ఆ గడి ఖాళీగానే ఉండాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. వినడానికి చిన్నదే గానీ మొత్తం నిలువు వరసనే కదిలించేస్తుంది. మానేసిన తేదీ అంటే ఏ తేదీ? క్యాన్సిల్ బటన్ నొక్కిన రోజా, కట్టిన డబ్బు అయిపోయిన రోజా? కొన్ని సంస్థల్లో మే 12న చేరిన మనిషి మే 20న బటన్ నొక్కినా, జూన్ 12 దాకా డబ్బు కట్టి ఉన్నాడు కాబట్టి జాబితాలో జూన్ 12 అని పడుతుంది. అంటే అతను చేరిన మే 12కు సరిగ్గా నెల నిండిన రోజే మానేసిన తేదీ అవుతుంది. ఇప్పుడు మీ నియమం "నెల నిండిన రోజుకు ముందే మానేస్తేనే పోయినట్టు" అని ఉందనుకోండి, రెండోసారి రూపాయి కూడా కట్టని మనిషి నిలిచినవాళ్ల లెక్కలోకి వచ్చేస్తాడు. అతనొక్కడే కాదు, మొదటి నెలలో వదిలేసినవాళ్లందరూ వచ్చేస్తారు. మొదటి నెల నిలువు వరసలో నూటికి నూరు దగ్గర అంకెలు వస్తాయి, యజమాని సంతోషిస్తాడు. కాబట్టి నెల నిండిన రోజునే మానేసినా పోయినట్టే అని పెట్టుకోవాలి. మీ జాబితాలో ఏ రకం తేదీ ఉందో తెలుసుకోవడం తేలికే. మానేసినవాళ్లను ఒక యాభై మందిని తీసి, చేరిన తేదీలో రోజు సంఖ్యను, మానేసిన తేదీలో రోజు సంఖ్యను పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు అందరికీ ఒకే సంఖ్య వస్తుంటే అది డబ్బు అయిపోయిన తేదీ. చెల్లాచెదురుగా ఉంటే బటన్ నొక్కిన తేదీ.

ఇక లెక్కపెట్టడం. ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు ఒకటి ఉంది. ఎక్సెల్‌లో COUNTIFS తో "మానేసిన తేదీ ఫలానా తేదీ కంటే తర్వాత ఉన్నవాళ్లు ఎంతమంది" అని అడుగుతారు. వినడానికి సరిగ్గానే ఉంటుంది. కానీ మానేసిన తేదీ ఖాళీగా ఉన్నవాళ్లు ఆ షరతులో పడరు. ఖాళీ గడి ఏ తేదీ కంటే పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. డేటాబేస్‌లోనూ అంతే. ఖాళీని అక్కడ NULL అంటారు. దాన్ని దేనితో పోల్చినా అవునని జవాబు రాదు, ఆ వరస జారిపోతుంది. ఫలితం ఏమిటంటే, ఎప్పుడూ మానెయ్యని నమ్మకస్థులే లెక్కలోంచి మాయమవుతారు. మానేసినవాళ్లే మిగులుతారు కాబట్టి ఏ బ్యాచ్ చూసినా ఆఖరికి సున్నాకు దిగిపోతుంది. అలాంటి పట్టిక కనబడితే వెంటనే ఈ తప్పే జరిగిందేమో చూడండి. దీనికి మందు, ప్రశ్నను తిరగేసి అడగడం. ఉన్నవాళ్లను లెక్కపెట్టకండి. ఆ రోజుకు ముందో ఆ రోజునో పోయినవాళ్లను లెక్కపెట్టి, బ్యాచ్ మొత్తంలోంచి తీసేయండి. పోయినవాళ్లకు తేదీ తప్పకుండా ఉంటుంది.

చేరిన రోజే మానేసినవాళ్లు కూడా కొందరు ఉంటారు. వాళ్లను పొరపాటున చేరినవాళ్లనుకుని జాబితాలోంచి తీసేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. తీసేస్తే బ్యాచ్ మొత్తం తగ్గుతుంది, శాతం పెరుగుతుంది. వాళ్లు కూడా చేరినవాళ్లే, పోయినవాళ్లే. వాళ్లను ఉంచాలి.

ఇంత జాగ్రత్తగా నింపితే మన కథల యాప్ పట్టిక ఎలా వచ్చిందో చెబుతాను, రాసుకోండి. జనవరి బ్యాచ్ 100 మంది. ఒక నెల నిండాక 80, రెండు నిండాక 70, మూడుకి 65, నాలుగుకి 62, ఐదుకి 60. ఫిబ్రవరి బ్యాచ్ 120 మంది. వాళ్లలో 90, 78, 72, 69. ఐదో గడి ఖాళీ. మార్చి బ్యాచ్ 150 మంది. 105, 90, 84. తర్వాతి రెండు గడులు ఖాళీ. ఏప్రిల్ 200 మందిలో 130, 110. మే 300 మందిలో 180, అంతే. కాగితం మీద చూస్తే ఎడమ పైమూల నిండుగా, కుడి కింది మూల ఖాళీగా మెట్లుమెట్లుగా కనబడాలి. ఆ మెట్లు లేకుండా పట్టిక నిండుగా వచ్చిందంటే ఎక్కడో తెలియనిదాన్ని తెలిసినట్టు రాశారన్నమాట.

మొదట మొదటి నిలువు వరసను పైనుంచి కిందికి చదవండి. శాతాల్లో చెబితే జనవరి బ్యాచ్‌లో నెల నిండాక నిలిచినవాళ్లు 80 శాతం. ఫిబ్రవరిలో 75. మార్చిలో 70. ఏప్రిల్‌లో 65. మేలో 60. నెలనెలా చందాదారులు పెరుగుతున్నారని సంతోషిస్తున్న యజమానికి ఈ ఒక్క నిలువు వరస అసలు సంగతి చెబుతుంది. కొత్తగా వస్తున్నవాళ్లు ముందటివాళ్లంత నిలవడం లేదు. ఎక్కువమందిని చేర్చుకోవాలని ఎక్కడెక్కడో ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టారేమో. కథలు వినే పిల్లలు లేని ఇళ్లవాళ్లు కూడా మొదటి నెల తక్కువ ధరకు చేరిపోతున్నారేమో. ఎందుకన్నది పట్టిక చెప్పదు. ఎప్పటినుంచి, ఎంత అన్నది మాత్రం చెబుతుంది. ఏ బ్యాచ్‌వాళ్లకు ఫోన్ చేసి అడగాలో చెబుతుంది.

ఇప్పుడు మూడో నిలువు వరసకు వద్దాం. యజమాని అడుగుతాడు: మూడు నెలలకు సగటున ఎంతమంది నిలుస్తున్నారు? జనవరి నుంచి 65, ఫిబ్రవరి నుంచి 72, మార్చి నుంచి 84, కలిపితే 221 మంది. వాళ్ల మూడు బ్యాచ్‌ల మొత్తం 370. అంటే దాదాపు 60 శాతం. ఐదుగురిలో ముగ్గురు. ఇది సరైన జవాబు. కానీ 221ని మొత్తం 870తో భాగించే పొరపాటు సర్వసాధారణం. అలా చేస్తే 25 శాతం వస్తుంది. నలుగురిలో ఒక్కరే నిలిచారని కంగారు పుడుతుంది. ఇంకా మూడు నెలలే నిండని 500 మంది ఏప్రిల్, మే వాళ్లను మూడు నెలల్లోపే పోయినవాళ్లుగా కొట్టేశాం కాబట్టే ఆ అంకె వచ్చింది. ఖాళీ గడుల్లో ఎవరైనా శుభ్రంగా ఉంటుందని సున్నాలు రాసి, పట్టిక చివర సగటు తీసినా ఇదే ఘోరం జరుగుతుంది. సున్నా అంటే అందరూ పోయారని. ఖాళీ అంటే ఇంకా ఆ రోజు రాలేదని.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన చోటికి వస్తున్నాను. ఖాళీలను సరిగ్గా వదిలేసి, ప్రతి నిలువు వరసకూ తెలిసిన బ్యాచ్‌లతోనే సగటు తీద్దాం. మొదటి నెలకు 870లో 585 మంది, 67 శాతం. రెండో నెలకు 570లో 348, 61 శాతం. మూడో నెలకు 59.7. నాలుగో నెలకు జనవరి, ఫిబ్రవరి మాత్రమే ఉన్నాయి: 220లో 131, అంటే 59.5. ఐదో నెలకు జనవరి ఒక్కటే: 60 శాతం. విన్నారా? నాలుగో నెలలో 59.5 ఉన్నది ఐదో నెలలో 60కి పెరిగింది. ఇది అసాధ్యం. మానేసినవాళ్లను మళ్లీ చేర్చుకోకుండా లెక్కపెడుతున్నాం కాబట్టి మిగిలినవాళ్ల శాతం తగ్గాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. పెరగకూడదు. మరి ఏ గడిలోనూ తప్పు లేదు, భాగహారమూ తప్పలేదు. అయినా అసాధ్యం ఎలా వచ్చింది?

నిలువు వరస మారినప్పుడల్లా మనుషులు మారిపోతున్నారు. మొదటి నెల సగటులో ఐదు బ్యాచ్‌లవాళ్లూ ఉన్నారు. ఐదో నెల సగటులో జనవరివాళ్లు మాత్రమే ఉన్నారు. జనవరివాళ్లు అన్ని బ్యాచ్‌లలోకీ బాగా నిలిచినవాళ్లు. కుడివైపుకు వెళ్లేకొద్దీ మంచి బ్యాచ్‌లే మిగులుతున్నాయి. ఆ సగటు గీత గీసి "మొదటి రెండు నెలలు దాటితే మా చందాదారులు ఇక కదలరు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. గీత చదునుగా కనబడటానికి కారణం చందాదారుల స్థిరత్వం కాకపోవచ్చు. వదిలేసే బ్యాచ్‌లు ఆ గీత చివరిదాకా రాకపోవడం వల్ల కూడా అలా కనబడుతుంది.

దీన్ని సరిచేసే దారి 1958లో ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మయర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు రాసిన వ్యాసంలో ఉంది. వాళ్లు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో దాన్ని ప్రచురించారు. వైద్య పరిశోధనల్లో ఒక చికిత్స తీసుకున్న రోగుల్లో ఎంతమంది ఎన్నాళ్లు బతికారో చెప్పడానికి ఈ రోజుకీ ఆ పద్ధతే వాడతారు. అక్కడా ఇదే ఇబ్బంది. కొందరు రోగులు నిన్ననే చికిత్సలో చేరి ఉంటారు, వాళ్ల ఐదేళ్ల సంగతి ఇంకా తెలియదు. కప్లాన్, మయర్ చూపిన దారి ఇది: మొదటి రోజు నుంచి ఐదో నెల దాకా ఒక్క దూకులో కొలవకండి. ఒక్కొక్క మెట్టునూ విడిగా కొలవండి. ప్రతి మెట్టు దగ్గరా, ఆ మెట్టుకు రెండు కొసలూ తెలిసినవాళ్లనే తీసుకోండి.

మన అంకెలతో చేసి చూద్దాం. మొదటి మెట్టు: 870 మందిలో 585, అంటే 67.2 శాతం. రెండో మెట్టుకు మే బ్యాచ్ పనికిరాదు, మిగిలిన నాలుగు బ్యాచ్‌లే. వాటిలో మొదటి నెల దాటినవాళ్లు 405, వాళ్లలో రెండో నెల దాటినవాళ్లు 348. అంటే 85.9 శాతం. మూడో మెట్టుకు మూడు బ్యాచ్‌లు: 238 మందిలో 221, అంటే 92.9. నాలుగో మెట్టు: 137లో 131, అంటే 95.6. ఐదో మెట్టు: 62లో 60, అంటే 96.8. ఇప్పుడు ఈ ఐదింటినీ గుణించండి. రెండో నెలకు 57.8 శాతం, మూడో నెలకు 53.7, నాలుగుకి 51.3, ఐదుకి 49.6. గీత ఎక్కడా పైకి లేవలేదు. ఐదు నెలలకు 60 శాతం అనుకున్నది 50 దగ్గరికి వచ్చింది. అవే రెండు తేదీలు, అదే జాబితా. కానీ వచ్చే ఏడాదికి ఎంతమంది కథకులను పెట్టుకోవాలి, అద్దె ఎంత భరించగలం అని ఆలోచించే యజమానికి పదిమందిలో ఆరుగురు నిలవడానికీ, ఐదుగురే నిలవడానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది.

ఈ 50 కూడా కొంచెం ఆశావహమైన అంకేనని చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టే. ఈ గుణకారం వెనక ఒక ఊహ ఉంది. మే బ్యాచ్‌వాళ్లు రెండో మెట్టు దగ్గర పాత బ్యాచ్‌లవాళ్లలాగే ప్రవర్తిస్తారన్నది ఆ ఊహ. కానీ రెండో మెట్టునే బ్యాచ్‌లవారీగా చూస్తే జనవరివాళ్లు 87.5 శాతం దాటారు, ఏప్రిల్‌వాళ్లు 84.6 శాతమే దాటారు. అది కూడా నెమ్మదిగా దిగుతోంది. కాబట్టి మేవాళ్లు ఇంకాస్త తక్కువగా నిలిచే అవకాశం ఉంది. ఇంకో పరిమితి కూడా ఉంది. ఐదో మెట్టు 62 మంది మీద నిలబడింది. ఇద్దరు పోయారు కాబట్టి 96.8 వచ్చింది. నలుగురు పోయి ఉంటే 93.5 వచ్చేది. పట్టిక కుడి కొసలో ఉన్న శాతాల పక్కన అవి ఎంతమంది మీద లెక్కకట్టినవో తప్పకుండా రాయాలి. శాతాలు మాత్రమే ఉన్న పట్టికను నేను పూర్తి పట్టికగా లెక్కించను.

కప్లాన్ కంటే చాలాముందే ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చిన మనిషి ఒకరున్నారు. తోకచుక్కతో పేరు ముడిపడిన ఎడ్మండ్ హేలీ. 1693లో ఆయన బ్రెస్లా అనే ఊళ్లోని జనన మరణాల లెక్కలు తీసుకుని, వెయ్యి మందితో మొదలుపెట్టి ఏ వయసుకు ఎంతమంది మిగులుతారో పట్టిక వేశారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు వ్రొత్స్వాఫ్. కాస్పర్ నాయ్‌మన్ అనే మతగురువు సేకరించిన లెక్కలవి. ఆ పట్టికతోనే, ఏ వయసు మనిషికి జీవితాంతం ఏటా ఇంత సొమ్ము ఇస్తామంటే దానికి ముందుగా ఎంత ధర కట్టించుకోవాలో హేలీ లెక్కకట్టారు. నెల చందాకు, జీవిత బీమాకు వెనక ఉన్న గణితం ఒకటే.

ఇప్పుడు జాబితా గురించి. ఇంతదాకా రెండు తేదీలూ నిజమే చెబుతున్నాయనుకున్నాం. మన దేశంలో ఒక ప్రత్యేక చిక్కుంది. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి నెలనెలా దానంతటదే డబ్బు తీసుకోవాలంటే ముందుగా ఖాతాదారు అనుమతి నమోదు చేయించాలి, ప్రతిసారీ డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు కబురు పంపాలి. ఖాతాదారుడికి ఇది మంచి రక్షణ. పట్టిక వేసేవాళ్లు మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలి. మానెయ్యాలని ఎవరూ బటన్ నొక్కకపోయినా డబ్బు రాకుండా ఆగిపోయే చందాలు ఉంటాయి. అనుమతి నమోదు కాకపోవచ్చు, కార్డు గడువు తీరిపోవచ్చు, ఖాతాలో డబ్బు లేకపోవచ్చు. అలాంటివాళ్లకు మానేసిన తేదీ ఎవరు వేస్తారు? కొన్ని చోట్ల ఎవరూ వెయ్యరు. ఖాళీగానే ఉంటుంది. డబ్బు కట్టని మనిషి నెలల తరబడి నిలిచినవాళ్లలో కనబడుతూ ఉంటాడు. ఇంకొన్ని చోట్ల ఆఫీసులో ఎవరో మూడు నెలలకోసారి కూర్చుని బాకీవాళ్లందరినీ ఒకేరోజు మూసేస్తారు. అందరికీ ఆ రోజు తేదీనే పడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పట్టిక అక్కర్లేదు. మానేసిన తేదీలను రోజులవారీగా లెక్కపెట్టి వరసగా చూడండి. రోజుకు ముగ్గురు నలుగురు మానేస్తున్నచోట ఒక రోజున తొంభై మంది కనబడితే అది చందాదారుల నిర్ణయం కాదు, ఆఫీసు శుభ్రం చేసుకున్న రోజు. వాళ్లకు ఆఖరిసారి డబ్బు వచ్చిన తేదీని బట్టి, కట్టిన నెల ఎప్పటికి అయిపోయిందో చూసి ఆ తేదీని వాడాలి. ఏడాది చందా కట్టినవాళ్లను కూడా వేరు పట్టికలో పెట్టాలి. వాళ్లకు పన్నెండో నెల దాకా వదిలేసే సందర్భమే రాదు. నెలవారీవాళ్లతో కలిపేస్తే మొదటి పదకొండు నిలువు వరసలూ లేని బలాన్ని చూపిస్తాయి.

సర్వర్ గడియారం సంగతి ఒక్కమాటలో చెబుతాను. చాలా సర్వర్లు గ్రీనిచ్ కాలాన్ని రాసుకుంటాయి. అది మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. మే 1 తెల్లవారుజామున మూడు గంటలకు చేరిన మనిషి అక్కడ ఏప్రిల్ 30న చేరినట్టు పడతాడు, బ్యాచే మారిపోతుంది. బ్యాచ్‌లు కట్టే ముందే ఐదున్నర గంటలు కలుపుకోవాలి.

అన్నిటికంటే కష్టంగా దొరికే తప్పు, మళ్లీ చేరేవాళ్ల దగ్గర ఉంటుంది. ఒక మనిషి మార్చిలో మానేసి, జూన్‌లో తిరిగి వచ్చాడు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అతనికి కొత్త వరస వేస్తాయి. అప్పుడు మనం ముందే ఒక నియమం పెట్టుకోవాలి. మనం లెక్కపెట్టేది మనుషులనా, చందాలనా? చందాలనైతే అతను జూన్ బ్యాచ్‌లో కొత్తగా చేరినట్టు. మనుషులనైతే మొదటిసారి మానేసినప్పుడే పోయినట్టు రాసుకుని, తిరిగొచ్చినవాళ్ల లెక్క వేరుగా పెట్టుకోవాలి. ఏది ఎంచుకున్నా పరవాలేదు, అది పట్టిక పైన రాసి ఉండాలి. కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు కొత్త వరస వెయ్యవు. పాత వరసలోనే మానేసిన తేదీని చెరిపేస్తాయి. దాంతో అతను మధ్యలో మూడు నెలలు లేడన్న సంగతే జాబితాలోంచి పోతుంది. జాబితాను ఎంత తదేకంగా చూసినా అది కనబడదు, ఎందుకంటే కనబడాల్సిన తేదీ అక్కడ లేదు.

దానికి ఒకే ఒక పరీక్ష ఉంది. జూన్ 30 రాత్రి తీసిన జాబితా నకలును తేదీతో సహా విడిగా దాచండి. జులై 31న కొత్త జాబితా తీసి మళ్లీ మొదటినుంచి పట్టిక కట్టండి. కొత్తగా ఒక మెట్టు నిండుతుంది: జనవరికి ఆరో గడి, ఫిబ్రవరికి ఐదోది, అలా మేకి రెండోది, జూన్ బ్యాచ్‌కు మొదటిది. పాత గడుల్లో ఒక్క అంకె కూడా మారకూడదు. జనవరి బ్యాచ్‌లో మూడు నెలలు నిండాక 65 మంది ఉన్నారన్నది జరిగిపోయిన సంగతి. జులైలో ఎవరేం చేసినా అది 66 కాకూడదు. 66 అయిందంటే ఎవరి తేదీనో చెరిపేశారు. 64 అయిందంటే ఎవరికో వెనక తేదీ వేసి మూసేశారు. రెండు నకళ్లనూ చందాదారు నంబరు ప్రకారం పక్కపక్కన పెట్టి, తేదీ మారిన వరసలను వెతకండి. ఆ వరస దొరికితే, ఆ తేదీని మార్చింది సాఫ్ట్‌వేరా, ఆఫీసులో మనిషా అన్నది ఆ రోజే అడిగి తెలుసుకోవచ్చు.